నీటి గీత ఏ వైపు

దుబాయ్‌లో నేను పనిచేసిన ఇంట్లో భోజనాల బల్ల పొద్దున పూట అయ్యగారి ఆఫీసు. ఆయన చిన్న విమానం నడిపేవారు. ఒక కాంట్రాక్టు కంపెనీ మనుషుల్నీ సామాన్లనీ పడమటి దిక్కున సముద్రంలో ఉన్న ద్వీపానికి చేరవేసే విమానం. బయల్దేరే ముందు బల్ల మీద మ్యాపు పరిచి, అరచేతంత ప్లాస్టిక్ చక్రం ఒకటి తిప్పుతూ, పెన్సిల్‌తో గీతలు గీసుకునేవారు. టీ కప్పు పెట్టడానికి చోటు దొరక్క నేను పక్కన నిలబడి చూసేదాన్ని.

ఎనభైల మొదట్లో మాట ఇది. నాకు అప్పటికి ముప్పై దాటింది. అక్షరం ముక్క రాదు. సంతకం పెట్టాల్సిన చోట వేలిముద్ర వేసేదాన్ని. కానీ ఆయన గీతలు మాత్రం నాకు తెలిసినవాటిలాగే కనిపించేవి. బయల్దేరిన చోటు నుంచి ద్వీపానికి ఒక గీత. దాన్ని కోసుకుంటూ ఒక పొట్టి గీత. ముక్కు పెట్టాల్సిన వైపుకి ఇంకో గీత. ఆ మూడో గీత ద్వీపానికి పోదు. ద్వీపానికి కుడిపక్కన ఉత్తరంగా, ఏమీ లేని నీళ్ళలోకి పోతుంది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఇయ్యాల గాలి ఈ కుడిపక్కనించేనాండి అయ్యగారూ?"

ఆయన తలెత్తి చూశారు. "అవును, షమాల్ గాలి. వాయవ్యం నుంచి వస్తోంది. నీకెలా తెలిసింది?"

"ముక్కు అటు పెట్టారు కదండీ. మా లంకలో ఏరు దాటినా ఇంతేనండి. రేవు ఎదురుగా కనబడతానే ఉంటది. కనబడింది కదా అని ముక్కు రేవుకి పెడితే రేవు దొరకదండి. నీరు ఎటునించి వస్తే అటు పైకి పెట్టాలి."

ఆయన పెన్సిల్ కింద పెట్టి నవ్వారు. లోపలికి చూసి అమ్మగారిని పిలిచారు. "ఇదిగో, ఇలా రా. మన పైలట్లకి ఆరు నెలలు పట్టిన పాఠం ఈవిడకి పుట్టుకతోనే వచ్చింది."

అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా "మా నావిగేటర్" అని చూపించేవారు. ఆ మాటకి అర్థం తెలిశాక గర్వపడ్డాను కూడా. పనిమనిషిని ఒక పని తెలిసిన మనిషిగా చూసిన ఇల్లు నాకు అంతకుముందు లేదు.

మాది గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న లంక. అక్కడ ఏటికి రెండు వేపులా పరుగుంటుంది. సముద్రం నీరు లోపలికి ఎక్కితే పోటు, బయటికి తీస్తే పాటు. మా ఆయనది రేవులో పడవ నడిపే కుటుంబం. వరసకి మావయ్య కొడుకు, అందుకే "మావా" అనే పిలుస్తాను. నేను అయ్యగారి ఇంట్లో కుదురుకున్న ఏడాదికి, ఆయన ముదీర్‌తో, అంటే కంపెనీ మేనేజరుతో మాట్లాడి, మావకి అదే కంపెనీలో లాంచీ నడిపే పని ఇప్పించారు. ఆ ఉపకారం నేను ఎన్నడూ కాదనను.

పని దుబాయ్‌కి పైన ఒక ఖోర్ దగ్గర. ఖోర్ అంటే సముద్రం భూమిలోకి చొచ్చుకొచ్చిన పాయ. అవతలి ఒడ్డున కంపెనీ కొత్త జెట్టీ కడుతోంది. క్యాంపు ఇవతలి ఒడ్డున. పొద్దున్నే లాంచీలో పాతిక మందిని అవతలికి దించాలి. అక్కడా పోటూ పాటే. జెట్టీకి లోపలివైపు, అంటే సముద్రానికి దూరంగా ఉన్న వైపు, ఇసుక తోడే ఓడ ఒకటి లంగరేసి ఉండేది. దాని ఇనుప గొట్టం డ్రమ్ముల మీద తేలుతూ ఒడ్డుదాకా పరిచి ఉండేది.

శుక్రవారాలు నేను సత్వాలోని అయ్యగారి ఇంటి నుంచి బర్ దుబాయ్ రేవుకి నడిచి, అబ్రా అనే చిన్న పడవ ఎక్కి దేరా వైపు దిగేదాన్ని. మావ క్యాంపు బస్సులో వచ్చేవాడు. ఇద్దరం రేవుగట్టు మీద కూర్చుని అబ్రాల వంక చూస్తూ కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

"ఈడెవడో ముక్కు తిన్నగా పెట్టాడు, చూడు," అనేవాడు. "ఇప్పుడు కిందకి పోయి మళ్ళీ ఎదురీదుకుంటా వస్తాడు. డీజిలు దండగ."

"నీ లాంచీ నువ్వు చూసుకో మావా."

"నా లాంచీ గీత గీసినట్టు పోద్ది. పోటుకి సముద్రం వైపు తెల్ల నీళ్ళట్యాంకు గురి పెడతాను, పాటుకి లోపల ఎర్ర క్రేను. జెట్టీ వంక అసలు చూడను. అదే వచ్చి తగులుద్ది."

అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఆ రోజు మంగళవారం. మధ్యాహ్నం క్యాంపు నుంచి ఫోన్ వచ్చిందని అమ్మగారు చెప్పారు. లాంచీ గొట్టానికి గుద్దుకుంది. కరీంనగర్ వైపు మనిషి ఒకరి కాలు లాంచీకీ గొట్టానికీ మధ్య నలిగింది. మావని పని ఆపి క్యాంపులో కూర్చోబెట్టారు.

శుక్రవారం మావ రేవుకి రాలేదు. నేనే క్యాంపుకి వెళ్ళాను. గేటు దగ్గర నిలబెట్టి మాట్లాడనిచ్చారు.

"కొత్త ఇంజనీరొచ్చాడు," అన్నాడు మావ. "కుర్రాడు. ముదీర్‌కి చుట్టం. మొదటిసారి ఎక్కాడు. నేను ట్యాంకు వైపు తిప్పితే, జెట్టీ అక్కడుంటే అటెక్కడికి పోతున్నావ్, సీదా చలో, అని కేకలు. నేను చెప్పాను, సాబ్, పానీ అందర్ జాతా హై, నీరు లోపలికి పోతంది అని. వింటేనా. తాగొచ్చావా అన్నాడు. ఎదురుగా పెట్టి కదపకుండా పట్టుకో, ఇది ఆర్డరు అన్నాడు. పట్టుకున్నాను."

"పట్టుకున్నావా?"

"ఆర్డరంటే ఏం చేస్తానే. సగం ఏరు దాటేసరికే తెలిసిపోయింది. అప్పుడు తిప్పమన్నాడు. అప్పటికి గొట్టం మీదకొచ్చేశాం."

"అది పోటేనా మావా?"

"పోటే. ముందురోజు కంటే ముప్పావుగంట ఆలస్యంగా మొదలైంది. ఏడింటికి లోపలికి లాగతా ఉంది."

ఇంజనీరు మాత్రం వేరే చెప్పాడు. తను సీదాగానే పొమ్మన్నాననీ, లాంచీ నడిపేవాడే తన ఇష్టప్రకారం ముక్కు పక్కకి తిప్పి గొట్టం మీదకి తీసుకుపోయాడనీ. నీళ్ళ సంగతి ఎరగనివాళ్ళకి అది నమ్మేలాగే ఉంది. రోజూ జెట్టీకి కాకుండా మరెక్కడికో ముక్కు పెట్టే మనిషి అని క్యాంపులో అందరికీ తెలుసు కదా.

లాంచీలో ఉన్నవాళ్ళలో ఇద్దరు మావ గదిలోవాళ్ళే. వాళ్ళని అడిగాను. వయసు పెద్దాయన తలొంచుకుని చెప్పాడు.

"మాకేమెర్క అక్కా. మేము బాయి నీళ్ళు తప్ప ఎర్గనోళ్ళం. మా పానం మేము పట్టుకొని కూసున్నం. నీళ్ళెటు పోతున్నయో ఎవలు చూసిన్రు?"

వాళ్ళని తప్పుపట్టలేను. వాళ్ళ పాస్‌పోర్టులు కూడా ఆ ముదీర్ బీరువాలోనే ఉన్నాయి. తప్పు మావదే అని తేలితే వీసా కాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తారు. మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. విచారణ సోమవారం.

ఆ సాయంత్రం అయ్యగారికి మొత్తం చెప్పాను. ఆయన తన గదిలోకి వెళ్ళి, కాసేపటికి ఒక గళ్ళ కాయితంతో వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు.

"లాంచీ జోరెంత, నీళ్ళ జోరెంత? మీ ఆయన ఏమంటాడు?"

"లాంచీ మూడు పాళ్ళు పోతే నీరు ఒక పాలు లాగుద్దన్నాడండి."

ఆయన కింద ఒక చుక్క పెట్టారు, అది లాంచీ. పైన ఎదురుగా ఇంకో చుక్క, అది జెట్టీ. కుడివైపు సముద్రం, ఎడమవైపు లోపలి నీరు. లాంచీ చుక్క నుంచి నిటారుగా మూడు గళ్ళ గీత. దాని చివర నుంచి ఎడమకి ఒక గడి నీటి గీత. కింది చుక్కనీ ఈ చివరనీ కలిపారు. వాలుగా పోయిన ఆ గీత జెట్టీకి ఎడమగా, ఏటి వెడల్పులో మూడో వంతు దూరంలో ఒడ్డుకి తగిలింది.

"గొట్టం ఎక్కడుంది?"

వేలు పెట్టి చూపించాను. గీత ఎక్కడ తగిలిందో అక్కడే.

ఆయన ఆ పక్కనే ఇంకో బొమ్మ వేశారు. ఈసారి ముందు జెట్టీకి పోవాల్సిన దారి గీశారు. లాంచీ చుక్క దగ్గర నుంచి ఎడమకి ఒక గడి నీటి గీత గీశారు. ఆ గీత చివర కంపాసు ముల్లు గుచ్చి, మూడు గళ్ళు చాపి, దారి గీతని ఎక్కడ కోస్తుందో అక్కడ గుర్తు పెట్టారు. ముల్లు గుచ్చిన చోటు నుంచి ఆ గుర్తుకి గీత లాగారు. అది కుడికి, సముద్రం వైపుకి ఒరిగింది.

"ఇదే మీ ఆయన పెట్టే ముక్కు. తెల్ల ట్యాంకు. చూడు, దారి మీద మూడు గళ్ళు నిండలేదు. జోరులో కొంత నీటిని కాచుకోడానికే పోతుంది. అందుకే రోజూ రవ్వంత ఆలస్యం అవుతుంది. కానీ జెట్టీకే చేరుతుంది."

"అయితే లాంచీ గొట్టానికి తగిలిందంటేనే ముక్కు తిన్నగా ఉన్నట్టు కదండీ? ఆ ఇంజనీరు చెప్పినట్టే పట్టుకున్నట్టు?"

"అంతే. లాంచీ ఎక్కడ తేలిందో అదే సాక్ష్యం. ముదీర్‌కి నేను చెప్తాను. నా లెక్క ఆయన కాదనడు, రోజూ నా విమానం ఎక్కే మనిషి." బొమ్మల పక్కన ఏవో నాలుగు మాటలు రాసి కాయితం నాకు చూపించారు. నాకు గీతలే కనిపించాయి. "ఇది చిత్తు. విచారణకి మంచి కాయితం మీద గీసుకొస్తాను. దీన్ని పారెయ్."

పారెయ్యబుద్ధి కాలేదు. మావ పనితనం కాయితం మీద ఎక్కడం అదే మొదటిసారి. మడిచి నా పెట్టెలో చీరల అడుగున పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున ఆయన కారులోనే వెళ్ళాను. ముదీర్ గది బయట బెంచీ మీద మావ కూర్చుని ఉన్నాడు. అతన్ని అప్పటికే అడగడం అయిపోయింది. నన్ను చూసి తలూపాడు. అయ్యగారు వచ్చారని ధైర్యంగా ఉన్నాడు.

అయ్యగారినీ నన్నూ లోపలికి పిలిచారు. ముదీర్, ఇంజనీరు, హైదరాబాదు గుమాస్తా ఒకాయన ఉన్నారు. అయ్యగారు సంచీలోంచి కాయితం తీసి బల్ల మీద పరిచారు. మంచి కాయితం, నల్ల సిరా, స్కేలు పెట్టి గీసినవి. ఆయన ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టారు. నాకు భాష రాదు కాబట్టి బొమ్మనే చూశాను.

కింద లాంచీ. పైన జెట్టీ. కుడివైపు సముద్రపు అలల గుర్తు. ఎడమన గొట్టం. అంతా మా బల్ల మీద గీసినట్టే. నీటి గీత మాత్రం కుడికి ఉంది.

గీత చివర బాణం ములుకు సముద్రం వైపు చూస్తోంది. పాటు. నీరు బయటికి తీస్తోందని. అలా అయితే తిన్నగా పట్టుకున్న లాంచీ జెట్టీకి కుడిపక్కన, సముద్రం వైపు తేలాలి. గొట్టం ఎడమన ఉంది. నీటికి ఎదురుగా గొట్టం దాకా రావాలంటే నడిపేవాడు ముక్కుని బాగా ఎడమకి, కావాలని తిప్పి ఉండాలి. ఆ బొమ్మలో లాంచీ గీత అలాగే ఉంది, ఎడమకి బాగా ఒరిగి. ఒక్క బాణం తిప్పితే తప్పు ఇంజనీరు మీద నుంచి లేచి మావ మీద వాలింది.

గుమాస్తా వైపు తిరిగి అన్నాను. "బాబుగారూ, ఆ నీళ్ళ గీత తిరగబడిందండి. ఆ పొద్దున్న పోటు. నీరు ఇటు ఎడమకి రావాలి."

ఆయన హిందీలో ముదీర్‌కి చెప్పాడు. ముదీర్ నన్ను పైనించి కిందకి చూసి, నాకు చదవడం వచ్చా అని గుమాస్తాని అడిగాడు. "ఇస్కో పఢ్‌నా ఆతా హై?"

"నహీ సాబ్," అన్నాడు గుమాస్తా.

ఇంజనీరు నవ్వాడు. ముదీర్ కూడా నవ్వి అయ్యగారి వైపు తిరిగాడు. అయ్యగారు నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు. స్కేలుని కాయితం అంచుకి సరిగ్గా సర్దుతూ కూర్చున్నారు.

"ఖలాస్," అన్నాడు ముదీర్. మా పని అయిపోయింది.

కారులో అడిగాను. ఏడవలేదు. "అయ్యగారూ, ఇంటి దగ్గర ఎడమకి గీశారు కదండీ."

"ఇంటి దగ్గర నువ్వు చెప్పినట్టు గీశాను," అన్నారు ఆయన రోడ్డు వంకే చూస్తూ. "తర్వాత పుస్తకం చూశాను. సముద్రపు పోటుపాట్లన్నీ గంటలతో సహా అచ్చేసిన పుస్తకం ఉంటుంది. ఆ రోజు ఏడింటికి పాటు. మీ ఆయన కంగారులో పొరపాటు పడి ఉంటాడు. నేనేం చెయ్యగలను? ఉన్నది చెప్పాలి కదా."

అచ్చులో ఉన్నదాన్ని కాదనడానికి నా దగ్గరేముంది? అమ్మగారు మాత్రం ఆ మధ్యాహ్నం వంటింట్లో నా పక్కన నిలబడి, కూర తరుగుతూ, "ఆయన విమానం కాంట్రాక్టు కూడా ఈ నెలలోనే రాసుకోవాలే. ఆ ముదీరే రాయాలి," అన్నారు. ఎందుకన్నారో అప్పుడు పూర్తిగా పట్టుకోలేదు. పట్టుకోవాలని కూడా లేకపోయింది. నన్ను నావిగేటర్ అన్న మనిషి అబద్ధం గీస్తాడని అనుకోవడం కంటే, మావ పొరపాటు పడ్డాడనుకోవడమే నాకు సులువనిపించింది.

మావని పంపే రోజు క్యాంపు బస్సు దగ్గరకి వెళ్ళాను. రేకు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు.

"అయ్యగారు చెప్పారా, నీరు ఎటు పోతందో?" అని అడిగాడు.

"చెప్పారు," అన్నాను. తర్వాత అనకూడని మాట అన్నాను. "పుస్తకంలో పాటని ఉందంట మావా. నువ్వే ఏమన్నా మరిచిపోయావేమో. ఆ కంగార్లో."

మావ నా మొహం వంక చూశాడు. కోప్పడలేదు. "పుస్తకం లాంచీలో ఉందా?" అన్నాడు. తర్వాత కిటికీ అద్దం మూసుకున్నాడు. బస్సు అద్దాల మీద దుమ్ము. లోపల చెయ్యి ఊపాడో లేదో నాకు తెలీదు.

నేను ఇంకో రెండేళ్ళు ఆ ఇంట్లోనే పనిచేశాను. వీసా వాళ్ళది, ఇంకెక్కడికి పోను? పొద్దున్నే అదే బల్ల, అదే చక్రం, అవే గీతలు. అయ్యగారు మళ్ళీ ఎన్నడూ నన్ను నావిగేటర్ అనలేదు. నేను టీ కప్పు పెట్టి వెంటనే వంటింట్లోకి వచ్చేసేదాన్ని. గాలి ఎటునించో అడగలేదు.

నేను తిరిగి లంకకి వచ్చేసరికి మావ మునుపటిలాగే రేవులో పడవ వేస్తున్నాడు. దుబాయ్ మాట మా మధ్య ఎత్తేవాళ్ళం కాదు. ఎత్తకపోయినా అది ఉండేది. పోటు తిరిగే వేళ నేను "నీరు ఎక్కుతోందా మావా" అని మామూలుగా అడిగినా, జవాబు చెప్పకుండా నా వంక చూసి ఊరుకునేవాడు.

నాకు యాభై దాటాక ఊళ్ళో బడి పంతులమ్మ ఒకావిడ మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకి చదువు చెప్పడం మొదలుపెట్టింది. పలక పట్టుకుని పోవడానికి సిగ్గుపడుతూనే పోయాను. గుణింతాలకి నాలుగు నెలలు పట్టింది. ఒత్తులు వచ్చాక కంటికి కనిపించినదల్లా చదివేదాన్ని, బస్సు మీద పేరు, బియ్యం బస్తా, మందు సీసా. ఒకరోజు పెట్టె సర్దుతుంటే చీరల అడుగున ఆ కాయితం దొరికింది. మడతల దగ్గర చిరుగులు పట్టింది గానీ పెన్సిల్ గీతలు ఉన్నాయి. పక్కన రాసినవి తెలుగు మాటలు. అప్పట్లో అవి ఏ భాషో కూడా నాకు తెలియలేదు.

కూడబలుక్కుని చదివాను. లాంచీ గీత పక్కన "పడవ" అని ఉంది. పొట్టి గీత పక్కన "నీరు". వాలు గీత పక్కన "దారి". అడుగున ఇంకో వరస, కొంచెం చిన్న అక్షరాలతో. దాన్ని మూడుసార్లు చదివాను.

"మంగళవారం ఉదయం ఏడు. పుస్తకం ప్రకారం పోటు."

పుస్తకం ఆయన తర్వాత చూడలేదు. అప్పుడే, ఆ కాయితం గీసేముందే చూసుకుని ఉన్నారు. పారెయ్ అన్నది అందుకేనేమో. ఆ ముదీర్ గదిలో తెలుగు చదవగల గుమాస్తా నాకు రెండు అడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. ఈ కాయితం నా దగ్గరే ఉంది. సత్వాలో నా పెట్టెలో, చీరల అడుగున. ఆ రోజు అది కొంగున కట్టుకుని వెళ్ళి ఉంటే, చదవమని ఆయన చేతిలో పెట్టి ఉంటే ఏమయ్యేదో తెలీదు. చదవడం రాని నాకు అందులో చదవాల్సింది ఉందన్న ఆలోచనే రాలేదు.

రేవుకి పోయాను. మావ పడవ కట్టేసి మోకు చుడుతున్నాడు. కాయితం విప్పి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం పలుకుతూ చదివి వినిపించాను.

"పోటంట మావా. ఆయన చేత్తోనే రాశాడు. నువ్వు చెప్పిందే నిజం."

మావ మోకు చుట్టడం ఆపలేదు.

"నాకు తెల్దా," అన్నాడు. "నేను నీళ్ళ మీదే ఉన్నాను కదే."

"నేను నమ్మలేదు మావా."

ఆ మాటకి ఆగాడు. నా చేతిలోంచి కాయితం తీసుకుని కాసేపు గీతల వంక చూశాడు. అతనికి ఇప్పటికీ అక్షరాలు రావు. కుడికి ఒరిగిన గీత మీద వేలు పెట్టి, "ట్యాంకుకి ఇంకొంచెం పైకి పెట్టేవాణ్ణి," అన్నాడు. మడిచి నాకు తిరిగిచ్చాడు. మళ్ళీ మోకు అందుకున్నాడు.

నేను గట్టు మీద కూర్చున్నాను. నీరు లోపలికి ఎక్కుతోంది.